హిస్టోగ్రామ్‌లో రెండో శిఖరం ఎక్కడ దాక్కుంటుంది?

డేటాలో రెండు గుంపులు కలిసిపోయాయేమోనన్న అనుమానం కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్‌కు చెందిన జంతుశాస్త్రవేత్త వెల్డన్ 1890ల మొదట్లో నేపుల్స్ దగ్గర పట్టిన 1000 ఆడ పీతలను కొలిచాడు. మిగతా కొలతలన్నీ చక్కటి గంట ఆకారంలో వచ్చాయి. నుదుటి వెడల్పు మాత్రం ఒక పక్కకు ఒరిగింది. ఇందులో రెండు రకాల పీతలు కలిశాయా అని ఆయనకు సందేహం. 1894లో కార్ల్ పియర్సన్ ఆ ఒరిగిన ఆకారాన్ని రెండు నార్మల్ డిస్ట్రిబ్యూషన్ల మొత్తంగా విడదీశాడు. అందుకోసం తొమ్మిదో డిగ్రీ సమీకరణాన్ని కంప్యూటర్ లేని కాలంలో సాధించాడు. గమనించాల్సింది ఏమిటంటే, ఆ బొమ్మలో రెండు శిఖరాలు లేవు. ఉన్నది ఒకటే, కాస్త వంకరగా.

హిస్టోగ్రామ్‌లో విలువలను లెక్కపెట్టే ఒక్కో గడిని బిన్ అంటారు. అది ఎంత వెడల్పు ఉండాలన్న ప్రశ్నకు సూత్రాలు ఆ తర్వాత వచ్చాయి. 1926లో స్టర్జెస్ బిన్‌ల సంఖ్యకు `1 + log2(n)` ఇచ్చాడు. ఇక్కడ n అంటే మొత్తం విలువల సంఖ్య. 10 లక్షల విలువలున్నా అది 21 బిన్‌లే అడుగుతుంది, పెద్ద డేటాకు అది చాలా తక్కువ. 1979లో స్కాట్ వెడల్పుకు `3.49 * s / n^(1/3)` అన్నాడు. ఇక్కడ s అంటే క్రమ విచలనం. 1981లో ఫ్రీడ్‌మన్, డయాకోనిస్ s బదులు డేటాలో మధ్య సగం ఎంత మేర పరుచుకుందో తీసుకుని, దాన్ని రెట్టింపు చేసి n ఘనమూలంతో భాగించమన్నారు.

చిక్కు ఇక్కడే ఉంది. స్టర్జెస్ లెక్క, స్కాట్ 3.49 రెండూ ఒకే గంట ఆకారాన్ని మనసులో పెట్టుకుని తయారైనవి. రెండు గుంపులు దూరంగా ఉంటే మొత్తం డేటా క్రమ విచలనంలో ఆ మధ్య దూరం కూడా కలిసిపోయి s పెద్దదవుతుంది, దాంతో బిన్ కూడా లావెక్కుతుంది. అంటే రెండు గుంపులు ఉన్నప్పుడే సూత్రం ఎక్కువగా చదును చేస్తుంది.

అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి గీజర్ ఉంది. అది ఒక్కోసారి ఎన్ని నిమిషాలు చిమ్మిందో చెప్పే 272 కొలతలు ఆర్ సాఫ్ట్‌వేర్‌తోపాటే వస్తాయి. అరనిమిషం బిన్‌లతో 1.5 నుంచి లెక్కపెడితే వరుసగా 51, 41, 5, 7, 30, 73, 61, 4 వస్తాయి. మధ్యలో లోయ ఎంత లోతుగా ఉందో చూడండి. ఇప్పుడు బిన్‌ను ఒక నిమిషం చేసి, రెండు రకాలుగా గీద్దాం:

```r
hist(faithful$eruptions, breaks = seq(1, 6, 1), right = FALSE)
hist(faithful$eruptions, breaks = seq(1.5, 5.5, 1), right = FALSE)
```

మొదటి దానిలో 51, 46, 37, 134, 4. లోయ దాదాపు పూడిపోయింది. ఒకటే శిఖరం, ఎడమవైపు పొడుగాటి తోక అనుకునే ప్రమాదం ఉంది. రెండో దానిలో 92, 12, 103, 65. లోయ మళ్లీ తేలింది! వెడల్పు మారలేదు, మొదలుపెట్టిన చోటు మాత్రమే అరనిమిషం జరిగింది. వెడల్పు గురించి ఇంత చర్చ జరిగింది కానీ, మొదలుపెట్టే చోటు కూడా బొమ్మను ఇంతలా మార్చేస్తుందని చాలామంది పట్టించుకోరు.

స్కాట్ సూత్రం ఈ డేటాకు దాదాపు 0.61 నిమిషం ఇస్తుంది. మూడు నిమిషాల లోపు చిమ్మిన 97 కొలతలను విడిగా తీస్తే, వాటి క్రమ విచలనం పావు నిమిషం చుట్టూ ఉంటుంది; వాటికి అదే సూత్రం దాదాపు 0.2 మాత్రమే ఇస్తుంది. మధ్య సగం లెక్కా ఇక్కడ ఆదుకోదు. అది 2.16 నుంచి 4.45 దాకా, సరిగ్గా లోయ మీదుగా సాగి 0.7 అంటుంది. ఇక్కడ గుంపులు బాగా ఎడంగా ఉన్నాయి కాబట్టి 0.6 తోనూ లోయ బతికే అవకాశం ఉంది. దగ్గరగా ఉన్న గుంపులకు అంత అదృష్టం ఉండదు. అందుకే నా ఉద్దేశంలో సూత్రం ఇచ్చిన వెడల్పును ఆరంభంగానే తీసుకోవాలి. దాన్ని సగం చేసి, మళ్లీ సగం చేసి, మొదలుపెట్టే చోటు జరిపి చూడాలి. ప్రతిసారీ అక్కడే లోయ కనిపిస్తే నమ్మొచ్చు. ఒక్క బొమ్మలోనే వచ్చి పోతే, అది ఆ బిన్‌లో యాదృచ్ఛికంగా పడిన నాలుగు విలువల పనే కావచ్చు.

లోయ నిజమే అనుకున్నా, అది గుంపుల పేర్లు చెప్పదు. దానికి ఇంకో కొలత కావాలి. ఇదే డేటాలో మళ్లీ చిమ్మేవరకు పట్టిన సమయం కూడా ఉంది: కొద్దిసేపు చిమ్మిన తర్వాత సగటున 55 నిమిషాలు, ఎక్కువసేపు చిమ్మిన తర్వాత 80 నిమిషాలు. రెండు కొలతలూ ఒకేచోట విడిపోయాయి కనుక గుంపులు బిన్‌ల సృష్టి కాదు. వీటన్నిటికీ కలిపి 71 నిమిషాల సగటు చెబితే, అది ఈ రెండింటిలో దేనికీ సరిపోదు.

ఇక పియర్సన్ పీతల బొమ్మలోలా శిఖరం ఒకటే ఉన్న డేటా సంగతి. రెండు నార్మల్ గుంపులు సమాన సంఖ్యలో, సమాన విస్తృతితో ఉంటే, సగటుల మధ్య దూరం క్రమ విచలనానికి రెండు రెట్లు దాటితేనే రెండు శిఖరాలు వస్తాయి. ఆడ, మగ ఎత్తులు కలిపి గీస్తే రెండు శిఖరాలు వస్తాయని పాఠాల్లో తరచూ చెప్పేవారు. 2002లో షిల్లింగ్, ఆయన సహచరులు లెక్కవేసి చూస్తే, ఆ తేడా దానికి సరిపోలేదు. అలాంటి డేటాలో బిన్‌ను ఎంత సన్నం చేసినా నిజమైన రెండో శిఖరం దొరకదు. ఆడ, మగ అనే కాలమ్ ఉంటే, ఒకే బిన్‌లతో రెండు హిస్టోగ్రామ్‌లు విడివిడిగా గీయడమే మార్గం.