రిక్షా తొక్కేవాడు ఎక్కడ కూర్చున్నాడు?

వీధి ఫోటో చూపించి ఇది ఏ ఊరో చెప్పమంటే చాలామంది ముందు బోర్డులు చదువుతారు. బోర్డులు మసగ్గా ఉంటే నేను సైకిల్ రిక్షా కోసం వెతుకుతాను. తొక్కేవాడు ఎక్కడ కూర్చున్నాడో తెలిస్తే చాలు, ఆసియాలో సగం దేశాలను పక్కన పెట్టేయొచ్చు.

భారత్, బంగ్లాదేశ్‌లలో తొక్కేవాడు ముందు, ఎక్కినవాళ్లు వెనక. వియత్నాం, కంబోడియాలలోనూ, జావా దీవిలోనూ ఇది తిరగబడుతుంది: సీటు ముందుంటుంది, తొక్కేవాడు వెనక ఉంటాడు. ఎదురుగా వీధంతా అడ్డం లేకుండా కనిపిస్తుంది కానీ, ఏదైనా గుద్దుకుంటే మొదటి దెబ్బ కూర్చున్నవాళ్లకే! మయన్మార్‌లో సీటు సైకిల్ పక్కన ఉంటుంది, ఇద్దరు వీపుకు వీపు ఆనించి కూర్చుంటారు.

తొక్కేవాడు ముందున్నాడు, బళ్లు రోడ్డుకు ఎడమ పక్కన పోతున్నాయి అనుకుందాం. ఇండియానా, బంగ్లాదేశా? రిక్షా వెనక్కి చూడండి. అక్కడి రేకు మీద నెమళ్లు, పులులు, సినిమా తారలు ముదురు రంగుల్లో ఉంటే ఢాకా అని గట్టిగా అనుకోవచ్చు. ఢాకా రిక్షాలనూ వాటి మీది బొమ్మల కళనూ యునెస్కో 2023లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడో మోసం ఉంది. ఒకే రంగు టాపులతో వరసగా రిక్షాలు, వాటిలో కెమెరాలు పట్టుకున్న జనం కనిపిస్తే అవి టూరిస్టుల కోసం తిరిగేవి. ఊరివాళ్లు ఎలా తిరుగుతారో అవి చెప్పవు. బడి సంచులతో పిల్లలో, కూరగాయల బస్తాలో ఉంటేనే అది రోజువారీ బండి.

సైకిల్ దారి విషయంలో రంగు చూసి తొందరపడకూడదు. ఎర్ర తారు అనగానే నెదర్లాండ్స్ అంటాం, కానీ ఎర్ర దారులు వేరే దేశాల్లోనూ ఉన్నాయి. నేను గట్టు చూస్తాను. కోపెన్‌హాగెన్‌లో సైకిల్ దారి కార్ల రోడ్డు కంటే ఒక మెట్టు ఎత్తు, ఫుట్‌పాత్ కంటే ఒక మెట్టు తక్కువ. కూడళ్లలో కొన్నిచోట్ల నీలం పట్టీ ఉంటుంది. గట్టు కట్టాలంటే రోడ్డు తవ్వాలి, ఖర్చు పెట్టాలి. ఉత్త గీతైతే ఒక్క రాత్రిలో గీసేయొచ్చు. గీత మీద కారు ఆగి ఉందంటే ఆ గీతను ఎవరూ లెక్కచేయడం లేదన్నమాట.

స్కూటర్లు ఆగిన చోటు ఇంకా నిజం చెబుతుంది. బళ్లు రోడ్డుకు కుడి పక్కన పోయే తైవాన్‌లో సిగ్నల్ దగ్గర రోడ్డు మీద తెల్ల పెట్టె గీసి ఉంటుంది. చాలా కూడళ్లలో ఎడమకు తిరగాల్సిన స్కూటర్ ముందు నేరుగా దాటి, ఆ పెట్టెలో ఆగి, అవతలి సిగ్నల్ పడ్డాక కదలాలి. వియత్నాంలో ఫుట్‌పాత్ నిండా స్కూటర్లు కిక్కిరిసి ఉంటే సీట్లను జూమ్ చేసి చూడండి. చాక్‌పీసుతో రాసిన నంబరు కనిపించొచ్చు. పార్కింగ్ చూసుకునే మనిషి రాసిన నంబరది. అదే నంబరున్న చీటీ స్కూటర్ యజమాని జేబులో ఉంటుంది.