పిల్లలకు తిమ్మిరి ఇంజెక్షన్: అపోహలు - వాస్తవాలు

విశాఖలో పిల్లల పళ్ళ డాక్టరుగా పనిచేస్తున్నాను. పన్ను తీయాలన్నా, బీచ్ రాళ్ళ మీద పడి చిట్లిన గడ్డానికి కుట్లు వేయాలన్నా ముందు ఇచ్చేది లిగ్నోకైనే. లిడోకైన్ అన్నా అదే మందు. పంటి పనికి అది కార్ట్రిడ్జి అనే చిన్న గొట్టంలో వస్తుంది.

అపోహ: "ఒకటి రెండు కార్ట్రిడ్జిలు ఏ పిల్లకైనా ఫర్వాలేదు."

వాస్తవం: మోతాదు తేల్చేది బరువు. పిల్లల పంటి వైద్యంలో మేం పాటించే హద్దు కిలోకి 4.4 మిల్లీగ్రాములు, ఎంత బరువున్నా 300 మిల్లీగ్రాములు దాటకూడదు. 2 శాతం మందులో మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే 1.8 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జిలో 36.

మొన్న గాజువాక నుంచి 12 కిలోల పాపను తెచ్చారు. కింది దవడలో రెండు వైపులా పళ్ళు పుచ్చాయి. ఆమె హద్దు సుమారు 52 మిల్లీగ్రాములు, అంటే 2.6 మిల్లీలీటర్లు. రెండు కార్ట్రిడ్జిలు పూర్తిగా ఇస్తే 72 అయిపోతుంది! కుడివైపు 1.3 మిల్లీలీటర్లు ఇచ్చాను. సరిగా మొద్దుబారలేదు, ఇంకో 0.9 పట్టింది. అప్పటికి 44 మిల్లీగ్రాములు లోపలికి వెళ్ళాయి. మిగిలింది అర మిల్లీలీటరు కూడా లేదు. "అంత దూరం నుంచి వచ్చాం, రెండోవైపు కూడా కానిచ్చేయండి డాక్టరమ్మా" అని తల్లి బతిమాలింది. ఆమె కష్టం నాకు తెలుసు. అయినా వద్దన్నాను. ఒంట్లో మందు సగానికి తగ్గడానికే గంటన్నర, రెండు గంటలు పడుతుంది. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టడం కుదరదు.

ఎక్కువసార్లు లెక్క తప్పేది ఇలా మళ్ళీ కొంచెం, మళ్ళీ కొంచెం ఇచ్చేటప్పుడే. 30 మిల్లీలీటర్ల సీసాలోంచి లాగేచోట ఇంకా సులువుగా తప్పుతుంది. అందుకే నా ట్రే అంచున తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, పిల్ల బరువు, హద్దు ముందే రాస్తాను. ఇచ్చిన ప్రతిసారీ నర్సమ్మ దాని మీద అంకె వేస్తుంది. చిగురుకి రాసిన జెల్, కొట్టిన స్ప్రే కూడా అందులోకే వస్తాయి. 10 శాతం స్ప్రే ఒక్కసారి నొక్కితే 10 మిల్లీగ్రాములు. ఆ పాపకది హద్దులో అయిదో వంతు.

అపోహ: "అడ్రినలిన్ కలిపిన మందైతే ఎక్కువ ఇవ్వొచ్చు."

వాస్తవం: కుట్లకి అడ్రినలిన్ లేకుండా కిలోకి 4.5, ఉంటే 7 అని పుస్తకాల్లో ఉన్న మాట నిజమే. రక్తనాళాలు ముడుచుకుని మందు నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి ఆ వెసులుబాటు. కానీ సూది నేరుగా రక్తనాళంలో పడితే అడ్రినలిన్ ఏం కాపాడదు, తక్కువ మోతాదుకే ఫిట్స్ రావచ్చు. అందుకే మందు వదిలే ముందు పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడాలి. నోట్లో నేను అడ్రినలిన్ ఉన్నా 4.4 దాటను. గాయం పెద్దదైతే 2 శాతం మందుకి సమానంగా సెలైన్ కలిపి 1 శాతం చేస్తే, అదే మోతాదు రెట్టింపు చోటుకి సరిపోతుంది.

అపోహ: "ఇంజెక్షన్ తర్వాత పిల్ల నిద్రపోతే మంచిదే."

వాస్తవం: ఈ మందు తిమ్మిరికే, నిద్రకి కాదు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒకచోట పది కిలోల బాబు నుదుటికి కుట్లు వేస్తూ 2 శాతం మందు 5 మిల్లీలీటర్లు ఇచ్చారు. 100 మిల్లీగ్రాములు, హద్దుకి రెట్టింపుకన్నా ఎక్కువ. అంతసేపూ గుక్కపట్టి ఏడ్చిన వాడు ఉన్నట్టుండి ఊరుకున్నాడు. "గుంటడు తొంగున్నాడండీ" అని అమ్మమ్మ ఊపిరి పీల్చుకుంది. నేను దగ్గరకెళ్ళి చూస్తే కళ్ళు సగం మూసుకుని, పెదవి మూల సన్నగా అదురుతోంది. నిమిషంలో ఫిట్స్ మొదలయ్యాయి. ఆక్సిజన్, ఫిట్స్ ఆపే మందు మిడజోలమ్ వెంటనే అందాయి కాబట్టి తేరుకున్నాడు.

పెద్దవాళ్ళయితే పెదవుల చుట్టూ చిమచిమ, నోట్లో ఇనుప రుచి, చెవుల్లో హోరు అని చెప్తారు. మూడేళ్ళ పిల్ల చెప్పలేదు. పైగా పంటి పనిలో పెదవి ఎలాగూ మొద్దుబారి ఉంటుంది కాబట్టి ఆ మొదటి గుర్తు మాకు పనికిరాదు. కాబట్టి తీరు మారిందా అని చూస్తాం: ఏడుపు హఠాత్తుగా ఆగడం, కారణం లేని చిరాకు, ముద్ద మాట, చూపు నిలపలేకపోవడం, ముఖం, వేళ్ళు అదరడం. తర్వాత ఫిట్స్, ఊపిరి మందగించడం, గుండె లయ తప్పడం. నాళంలో పడితే ఇవి నిమిషంలోపే వస్తాయి, మోతాదు ఎక్కువైతే సాధారణంగా అరగంటలోపు.

అనుమానం వస్తే సూది ఆపి ఆక్సిజన్ పెట్టాలి. ఊపిరి తగ్గితే ఒంట్లో ఆమ్లం పెరిగి మందు ఇంకా విషమవుతుంది. ఫిట్స్‌కి మిడజోలమ్, పరిస్థితి ముదిరితే నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రవం, అంటే 20 శాతం లిపిడ్ ఎమల్షన్, కిలోకి 1.5 మిల్లీలీటర్లు. 12 కిలోలకి 18. అది దొరికే ఆసుపత్రి నంబరు మా గోడ మీద రాసి ఉంటుంది.

పని అయ్యాక అరగంట దాకా పిల్లని బయటికి పంపను. ఆ పాప అరగంటా వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని నాతో బొమ్మల పేర్లు చెప్పింది. నేను అడుగుతూ ఉన్నది ఆమె మాట ముద్దగా వస్తుందేమో వినడానికే.