పది సీసాల ఇంటి బార్: షోకేస్‌లో పెట్టకూడని రెండు సీసాలు

హైదరాబాద్ హోటళ్లలో పన్నెండేళ్లు బార్ కౌంటర్ వెనక నిలబడి నల్లగొండకు తిరిగొచ్చాక, చుట్టాలూ స్నేహితులూ ఇంట్లో చిన్న బార్ పెట్టుకుంటూ నన్ను అడుగుతున్నారు. అడిగేవి అవే నాలుగైదు ప్రశ్నలు.

అపోహ: కాక్‌టెయిళ్లు చేయాలంటే గోడ నిండా సీసాలుండాలి.

పది చాలు. జిన్, వైట్ రమ్, బర్బన్, టెకీలా, బ్రాందీ, తియ్యటి ఎర్ర వెర్ముత్, డ్రై వెర్ముత్, క్వాంట్రో లాంటి నారింజ లిక్కర్, కంపారి అనే ఎర్రటి చేదు లిక్కర్, అంగస్తూరా బిట్టర్స్. వీటికి తోడు నిమ్మకాయలు, చక్కెర పాకం, సోడా ఉంటే మార్టిని, నెగ్రోని, మన్‌హాటన్, ఓల్డ్ ఫ్యాషన్డ్, డైకిరి, మార్గరీటా, సైడ్‌కార్, విస్కీ సోర్, టామ్ కాలిన్స్ అన్నీ అవుతాయి. వోడ్కా ఏదని అడుగుతారు. పాత కాక్‌టెయిళ్లలో దానికి పెద్దగా పని లేదు, అందుకే వదిలేశా. మీకు ఇష్టమైతే పదకొండోది కొనుక్కోండి, నాకేం పట్టింపు లేదు.

అపోహ: మందు పాడవదు, మూత తీసినా ఎన్నేళ్లైనా ఉంటుంది.

అసలు చిక్కంతా ఇక్కడే. పోయిన ఎండాకాలం మా బామ్మర్ది ఫోన్ చేసిండు. "బావా, నీ కొలతే పోసిన. నువ్ చేస్తే నెగ్రోని, నేన్ చేస్తే కషాయం. ఎందుకైతుంది?"

నెగ్రోనికి కొలత తేలిక: జిన్, కంపారి, ఎర్ర వెర్ముత్ తలా 30 మిల్లీలీటర్లు, ఐసు వేసి కలపడమే. వాళ్లింటికి పోయి మూడింటినీ వేర్వేరుగా చెంచాతో రుచి చూశా. జిన్ బాగుంది, కంపారి బాగుంది. వెర్ముత్‌లో తీపి మాత్రం మిగిలింది. మూలికల వాసన పోయి, పాత కిస్‌మిస్ డబ్బా మూత తీసినట్టు ఉంది, చివర్న కొంచెం పులుపు. దసరాకు మూత తీసిన సీసా అది, మే నెల దాకా షోకేస్‌లో, ట్యూబులైటు కింద నిలబడి ఉంది.

వెర్ముత్ చూడ్డానికి మందు సీసాలా ఉంటుంది గానీ అది వైనే. ద్రాక్ష వైన్‌కు మూలికలు పట్టించి, కొంచెం స్పిరిట్ కలుపుతారు. ఆల్కహాల్ 15 నుంచి 18 శాతం దగ్గర ఆగిపోతుంది. జిన్, రమ్, విస్కీ 40 శాతం పైమాటే కాబట్టి ఎండ తగలకుండా చూస్తే అల్మారాలో ఏళ్ల తరబడి ఉంటాయి. కంపారి అంత ఘాటు కాకపోయినా అందులో చక్కెర ఎక్కువ, తట్టుకుంటుంది. వెర్ముత్‌కు గాలి తగిలితే వైన్‌కు పట్టిన గతే పడుతుంది. మన మే నెల వేడిలో ఇంకా తొందరగా.

మూత తీసిన రోజు నుంచి దాని చోటు ఫ్రిజ్. అందులోనూ నెల, రెండు నెలల్లో వాడేయాలి. ఇక్కడ లెక్క అడ్డమొస్తుంది. 750 సీసాలో 25 నెగ్రోనిలు. శనివారానికి రెండు తాగే ఇంట్లో అది అయ్యేసరికి మూడు నెలలు. మార్టినికి డ్రై వెర్ముత్ 10 మిల్లీలీటర్లే పోస్తే 75 గ్లాసులు, అదే లెక్కన ఎనిమిది నెలలు దాటినా తరగదు.

నేను చేసేది ఇది. గాజు క్వార్టర్ సీసాలు నాలుగు కడిగి, ఆరబెట్టి ఉంచుకుంటా. వెర్ముత్ మూత తీయగానే నాలుగింటిలో మెడ దాకా నింపి బిగిస్తా. 180 చొప్పున నాలుగు అంటే 720. మిగిలిన 30 ఆ రాత్రి నెగ్రోనికి. నిండిన సీసాలో గాలికి చోటు ఉండదు కాబట్టి ఫ్రిజ్‌లో మూడు నెలల పైనే బాగుంటుంది. ఒక్కోటే తీసి వాడాలి. సీసా మీద తేదీ రాయండి, గుర్తుంటుందనుకోకండి. డ్రై వెర్ముత్ రంగు ముదిరినా, నలిగిన ఆపిల్ వాసన వచ్చినా పారబోయాల్సిందే.

మా బామ్మర్దికి కొత్త సీసా తెచ్చి పాతదీ కొత్తదీ పక్కపక్కన పోసిచ్చా. ఒక్క గుక్కకే "ఇదా సంగతి" అన్నడు. ఇప్పుడు వాళ్ల ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల పక్కన నాలుగు క్వార్టర్లు చూసి మా చెల్లె నన్నే తిడుతుంది.

అపోహ: మన్‌హాటన్‌కు ఖరీదైన సింగిల్ మాల్ట్ కావాలి.

వద్దు. పొగ వాసన ఉన్న మాల్ట్ వెర్ముత్‌ను మింగేస్తుంది. మామూలు బర్బన్ 60, ఎర్ర వెర్ముత్ 30, బిట్టర్స్ రెండు విదిలింపులు. డబ్బులు మంచి వెర్ముత్ మీద పెట్టండి.

అపోహ: నిమ్మకాయ లేకపోతే బత్తాయి పిండొచ్చు.

బత్తాయి మన జిల్లా పంట కాబట్టి ప్రతి ఇంట్లో ఉంటుంది, అందుకే ఈ ఆలోచన. నిమ్మరసంలో పులుపు నూటికి ఐదారు పాళ్లు, బత్తాయిలో ఒక పాలు కూడా ఉండదు. మార్గరీటాకు టెకీలా 60, క్వాంట్రో 30, నిమ్మరసం 30. ఆ చివరి 30 బత్తాయి పోస్తే క్వాంట్రో తీపిని ఆపే పులుపే ఉండదు, టెకీలా కలిపిన షర్బత్ అవుతుంది. రసం ఎక్కువ పోస్తే పల్చబడుతుందే తప్ప పులుపు రాదు.

బత్తాయి బాగా కుదిరేది కంపారితో. గ్లాసు నిండా ఐసు, కంపారి 45, పైన బత్తాయి రసం. రసం మాత్రం అప్పటికప్పుడు పిండాలి. పొద్దున పిండి పెడితే సాయంత్రానికి దానంతటదే చేదెక్కుతుంది, ఆ చేదు కంపారి చేదుతో కలవదు.