xn--fpcrj9c3d: తెలుగు డొమైన్ పేరు ఇలా ఎందుకు మారుతుంది?

తెలుగులో ఉన్న వెబ్ అడ్రస్ బ్రౌజర్‌లో బాగానే తెరుచుకుంటుంది. అదే లింకును ఏదో ఆన్‌లైన్ ఫారంలో పెడితే 'సరైన అడ్రస్ కాదు' అని వెనక్కి కొడుతుంది. కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే తెలుగు మాయమై, xn-- తో మొదలయ్యే ఇంగ్లిష్ అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. శీర్షికలో ఉన్నది వెబ్ అడ్రస్ చివర వచ్చే 'భారత్' అన్న పేరు అలా మారిన రూపమే. దీని మూలాలు తెలుసుకోవాలంటే 1980ల దాకా వెనక్కి వెళ్లాలి.

డొమైన్ పేర్ల వ్యవస్థ అయిన డీఎన్ఎస్‌కు ఇప్పటికీ ఆధారంగా ఉన్న పత్రాలు 1987లో వచ్చాయి. కంప్యూటర్ల పేర్లలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే వాడాలన్న అలవాటు అప్పటికే ఉంది. చుక్కకూ చుక్కకూ మధ్య ఉండే ఒక్కో ముక్క 63 బైట్లు దాటకూడదు. నిజానికి డీఎన్ఎస్ సర్వర్లు ఏ బైటునైనా దాచుకోగలవు, 1997లో ఒక పత్రం ఈ సంగతి స్పష్టం చేసింది కూడా. ఇబ్బంది సర్వర్లతో కాదు, వాటి చుట్టూ ఉన్న మెయిల్ ప్రోగ్రాములు, కాన్ఫిగరేషన్ ఫైళ్లు, లాగ్‌లు, ఫారాలతో. ఇవన్నీ ఆస్కీ అక్షరాలే, అంటే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని మామూలు గుర్తులే వస్తాయన్న నమ్మకంతో రాసినవి. ప్రపంచంలోని ఇన్ని ప్రోగ్రాములను ఒకేసారి మార్చడం జరగని పని.

అందుకే డీఎన్ఎస్ జోలికి పోకుండా, పేరునే ఆస్కీలోకి మార్చి పంపాలన్న ఆలోచన వచ్చింది. 1996లో మార్టిన్ డ్యూర్స్ట్ ప్రతిపాదించిన యూటీఎఫ్-5 పద్ధతిలో 'భారత్' అన్న పేరుకు 15 అక్షరాలు పడతాయి, అందులోని ఐదు సంకేతాలకు ఒక్కోదానికి మూడు చొప్పున. 63 బైట్ల పరిమితిలో ఇది పెద్ద ఖర్చు. ఆ తర్వాత రేస్ అనే పద్ధతి వచ్చింది. 2000లో వెరీసైన్ సంస్థ దాని ఆధారంగా ప్రయోగాత్మకంగా రిజిస్ట్రేషన్లు మొదలుపెట్టింది. చివరకు నిలిచింది ఆడమ్ కాస్టెలో రూపొందించిన పునీకోడ్. 2003 మార్చిలో ఆర్ఎఫ్‌సీ 3492 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా అది వెలువడింది. ముందు తగిలించే xn-- ను ఎవరూ ముందే ఊహించి పేర్లు బుక్ చేసుకోకుండా లాటరీ పద్ధతిలో ఎంచారు.

పునీకోడ్ పనితీరును 'భారత్' మీదే చూద్దాం. అన్ని లిపుల అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్‌కు ఇది ఐదు సంకేతాలు: భ, దీర్ఘం, ర, త, పొల్లు. పునీకోడ్ వీటిని పేరులోని వరుసలో కాకుండా, యూనికోడ్ సంఖ్యలో చిన్నదాని నుంచి పెద్దదానికి తీసుకుంటుంది. అందరికన్నా చిన్నది త, దాని సంఖ్య 3108. లెక్క 128 దగ్గర మొదలవుతుంది కాబట్టి తేడా 2980. దాన్ని a నుంచి z, 0 నుంచి 9 దాకా ఉన్న 36 గుర్తులతో రాస్తే fpc అవుతుంది. తర్వాతి సంకేతం భ. ముందటి సంఖ్య నుంచి ఎంత దూరం జరిగామో, పేరులో ఏ స్థానంలో చేర్చాలో రెండూ కలిపి ఒకే సంఖ్యగా రాస్తారు. అది 17, అంటే r. ర కు j, దీర్ఘానికి 9c, పొల్లుకు 3d వస్తాయి. అన్నీ కలిపితే fpcrj9c3d. 15 పట్టిన చోట 9 సరిపోయాయి. ఒకే లిపిలోని అక్షరాలు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి, మొదటి పెద్ద గెంతు తర్వాత ఖర్చు బాగా తగ్గిపోతుంది.

ఇందులో నాకు ఎంతో నచ్చే విషయం ఒకటుంది. హిందీ .भारत పునీకోడ్ xn--h2brj9c, బెంగాలీది xn--45brj9c, గుజరాతీది xn--gecrj9c. అన్నింటిలోనూ rj9c ఉంది! యూనికోడ్‌లో భారతీయ లిపులను పాత ఇస్కీ ప్రమాణం వరుసలోనే అమర్చారు. అందుకని త నుంచి భ కు, భ నుంచి ర కు దూరం ఈ లిపులన్నిటిలోనూ ఒక్కటే. మొదటి గెంతు మాత్రమే మారుతుంది. తెలుగులో చివరి పొల్లు వల్ల 3d అదనంగా చేరింది.

ఇంతవరకూ వచ్చిన లెక్కలో ఏదీ పోదు. పునీకోడ్‌ను వెనక్కి విప్పితే అవే ఐదు సంకేతాలు అదే వరుసలో వస్తాయి. పోయేది అంతకు ముందు మెట్టులో. మార్చే ముందు పేరును శుభ్రం చేయాలని పునీకోడ్‌తోపాటు 2003లో వచ్చిన నియమాలు చెప్పాయి. పెద్దక్షరాలను చిన్నవి చేయడం, ఒకే అక్షరాన్ని రెండు రకాలుగా రాసే చోట ఒక రూపానికి తేవడం అందులో భాగం. రెండోది తెలుగుకూ అవసరమే, ఎందుకంటే ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. కానీ అవే నియమాలు కంటికి కనిపించని సంకేతాలను నిశ్శబ్దంగా తీసేయమన్నాయి. వాటిలో జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట్ కింద వ ఒత్తు పడకుండా ఆపేది అదే. పైథాన్‌తోపాటే వచ్చే idna కోడెక్ ఇప్పటికీ 2003 నియమాలనే పాటిస్తుంది కాబట్టి అక్కడే చూడొచ్చు:

```python
>>> "భారత్".encode("idna")
b'xn--fpcrj9c3d'
>>> "సాఫ్ట్‌వేర్".encode("idna").decode("idna")
'సాఫ్ట్వేర్'
```

వెళ్లిన పేరు వేరు, తిరిగి వచ్చిన పేరు వేరు. ఎర్రర్ కూడా రాదు. భారతీయ లిపులకూ పర్షియన్‌కూ ఇది పెద్ద లోటు. 2010 ఆగస్టులో వచ్చిన కొత్త నియమాలు, వాడుకలో ఐడీఎన్ఏ 2008 అంటారు, దీన్ని సరిదిద్దాయి. పొల్లు వెంటనే వచ్చే నాన్ జాయినర్‌ను అనుమతించాయి.

దిద్దుబాటుతోపాటే కొత్త చిక్కు వచ్చింది. ఆ కనిపించని సంకేతం ఉన్న పేరు, లేని పేరు కొత్త నియమాల్లో రెండు వేర్వేరు డొమైన్లు, రెండు వేర్వేరు పునీకోడ్‌లు. బ్రౌజర్ కొత్త నియమాలు పాటించి, లింకులను తనిఖీ చేసే సర్వర్ ప్రోగ్రాం పాతవి పాటిస్తే ఒకే లింకు రెండు చోట్లకు వెళ్తుంది. రెండో పేరు ఎవరిదో అయితే అది భద్రతా సమస్య కూడా. జర్మన్ ß అక్షరంతోనూ ఇదే జరిగింది, పాత నియమాలు దాన్ని ss చేసేవి. మీ సిస్టమ్ ఏ నియమాలు వాడుతోందో తెలుసుకోవడానికి పై ఉదాహరణే చాలు: నాన్ జాయినర్ ఉన్న పేరును మార్చి, వెనక్కి విప్పి, సంకేతాల సంఖ్య పోల్చాలి. ఒకటి తగ్గితే పాతవే. పైథాన్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే idna లైబ్రరీ 2008 నియమాలను అనుసరిస్తుంది.

ఫారం తిరస్కరించడం వేరే కథ. చాలా ఫారాలు చివరి ముక్కలో ఇంగ్లిష్ అక్షరాలే ఉండాలని, అవి నాలుగో ఆరో మించకూడదని చూస్తాయి. com, org కాలంలో అది సరిపోయింది. xn--fpcrj9c3d లో హైఫన్లు, అంకెలు ఉన్నాయి, మొత్తం 13 గుర్తులు. అంటే ఆస్కీ మాత్రమే తీసుకునే చోట ఆస్కీలోకి మార్చి ఇచ్చినా ఒప్పుకోదు. ఆ తనిఖీని సడలించాల్సింది ఫారం రాసినవాళ్లే.

లింకు మొత్తాన్ని పునీకోడ్ చేసేయడం ఇంకో తప్పు. మార్చాల్సింది డొమైన్ పేరును మాత్రమే, అదీ చుక్కల దగ్గర విడదీసి ముక్క ముక్కగా. దాని తర్వాత వచ్చే / గీత వెనక తెలుగు ఉంటే దాన్ని యూటీఎఫ్-8 బైట్లుగా తీసుకుని %E0%B0%A4 లాంటి శాతం గుర్తుల రూపంలో రాయాలి. ఇది 'త' ఒక్క అక్షరం. అక్కడ 63 బైట్ల పరిమితి లేదు కాబట్టి పొదుపు గురించి ఎవరూ ఆలోచించలేదు, అందుకే వాట్సాప్‌లో పంపే తెలుగు లింకులు ఒక్కోసారి అంత పొడుగ్గా కనిపిస్తాయి.