వంద గజాలు ఎటు నుంచి కొలవాలి?

మా హైస్కూలు ప్రహరీ పక్కన రోడ్డు, రోడ్డు పక్కన కాలువ, కాలువ అవతలి గట్టు మీద ఒక కిళ్ళీ కొట్టు. కోనసీమలో ఇలాంటి కొట్టు లేని ఊరు తక్కువ. బడికి వంద గజాల లోపు సిగరెట్లు, పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. ఆ సంగతే అడిగితే కొట్టు యజమాని, "వంతెన మీదుగా తిరిగి రావాలి కదా మాస్టారూ, రెండొందల గజాలు దాటుద్ది" అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ ఈ దూరాన్ని నడిచే దారి వెంట కొలవరు. బడి ప్రహరీ వెలుపలి అంచు నుంచి తిన్నగా, వృత్తానికి వ్యాసార్థం కొలిచినట్టు కొలవాలని నిబంధనల్లో ఉంది. కాలువ అడ్డొచ్చినా లెక్క మారదు. పదో తరగతి పిల్లలకు సరూప త్రిభుజాలు చెబుతున్న రోజులవి. కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఉన్న గోడ మూల దగ్గర మొదలుపెట్టి రోడ్డు వెంట 40 మీటర్లు నడిచి ఒక కర్ర పాతారు. ఇంకో 10 మీటర్లు నడిచి, కాలువకు వీపు పెట్టి కొబ్బరితోటలోకి తిన్నగా వెళ్ళారు. వెనక్కి చూస్తే కర్ర, కొట్టు ఒకే వరసలో కనబడిన చోట ఆగి టేపు పట్టారు. 13 మీటర్లు వచ్చింది. కర్రకు ఇటు 40, అటు 10 నడిచారు కాబట్టి కొట్టు దూరం దానికి నాలుగు రెట్లు, అంటే 52 మీటర్లు. వంద గజాలంటే 91 మీటర్ల పైచిలుకు. కొట్టు హద్దు లోపలే ఉంది. ఈ హద్దు మీరితే పడే జరిమానా రెండొందల రూపాయలకు మించదని తెలిసి పిల్లలు ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం కోపం వచ్చింది.

దూరం తేలాక కొట్టులో సరుకు ఎక్కడెక్కడ ఉందో చూడమన్నాను. సిగరెట్ పెట్టెల అర కింది అంచు నేల నుంచి మీటరు ఎత్తున ఉంది. ఆ ఎత్తు పెద్దవాళ్ళకు నడుము దగ్గరికి వస్తే, ఆరో తరగతి పిల్లాడికి దాదాపు కళ్ళ ముందే ఉంటుంది. దాని పక్కనే చాక్లెట్ డబ్బాలు. రూపాయి చాక్లెట్ కోసం రోజూ వచ్చే పిల్లాడు ఆ పెట్టెల రంగుల్ని కొన్ని వందల సార్లు చూస్తాడు. కొనకపోయినా అవి అతనికి పాత పరిచయాలవుతాయి. పరిచయమైన వస్తువంటే మనిషికి భయం తగ్గుతుంది. ప్రకటనలు నిషేధించిన దేశంలో ఆ అరే ప్రకటన. కొట్టు బయట పెట్టే బోర్డుకు కూడా హద్దుంది. ఒక వైపు 60, రెండో వైపు 45 సెంటీమీటర్లకు మించకూడదు, దాని మీద బ్రాండు పేరు గానీ పెట్టె బొమ్మ గానీ ఉండకూడదు.

ఇంత శ్రద్ధ పిల్లల మీదే ఎందుకంటే, పాత పొగరాయుళ్ళు మానేస్తారు, చనిపోతారు, వాళ్ళ చోటు భర్తీ కావాలి. ఇది నా ఊహ కాదు. అమెరికాలో ఆర్.జె. రెనాల్డ్స్ కంపెనీ 1984లో రాసుకున్న లోపలి నివేదిక యువ వయస్కుల్ని 'భర్తీ పొగరాయుళ్ళు'గానే లెక్కగట్టింది. తర్వాత కోర్టు కేసుల వల్ల అలాంటి కాగితాలు బయటికొచ్చాయి.

మన కొట్టులో ఇంకో కిటుకు విడి సిగరెట్. పెట్టెకు రెండు వైపులా 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలని 2016 నుంచి అమలులో ఉంది. కానీ ఒక్కటే కొనే కుర్రాడి చేతికి ఆ బొమ్మ రాదు. పెట్టెకు సరిపడా డబ్బులు లేకపోయినా ఒకటి కొనగలడు.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది పుదీనా రుచి. ఒక సిగరెట్ ఫిల్టర్‌ని బ్లేడుతో చీల్చి పిల్లలకు చూపించాను. లోపల మిరియం గింజ కన్నా కాస్త చిన్న గోళీ ఉంది. వేళ్ళ మధ్య నొక్కితే టిక్కున పగిలి మెంథాల్ వాసన గుప్పుమంది. మెంథాల్ దేన్నీ చల్లబరచదు. చలిని పసిగట్టే నాడుల్ని తట్టి, చల్లగా ఉందని మెదడును నమ్మిస్తుంది. మామూలుగా మొదటిసారి పొగ పీలిస్తే గొంతు మండి దగ్గొస్తుంది. వద్దని ఒళ్ళు చెప్పే మాట ఆ దగ్గే. మెంథాల్ ఆ మంటను కప్పేస్తుంది కాబట్టి కొత్తవాడు లోతుగా పీలుస్తాడు, కొన్ని సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ఎప్పటిలాగే లోపలికి పోతాయి. మా లంకల్లో చుట్ట తాగిన ముసలాళ్ళు ఘాటుకు అలవాటు పడటానికి కొన్నాళ్ళు పట్టేదని చెప్పేవారు. ఆ ఆలస్యం పిల్లల్ని కాస్తయినా కాపాడేది. గోళీ దాన్ని తీసేసింది.

కొలతలన్నీ కాగితం మీద రాసి పిల్లలు కొట్టతనికి చూపించారు. "ఈ అర నేను చేయించింది కాదు బాబూ, సరుకు వేసే కుర్రాడు తెచ్చి బిగించాడు, ఎక్కడ పెట్టాలో కూడా అతనే చెప్పాడు" అన్నాడాయన. మర్నాడు చాక్లెట్ డబ్బాలు అవతలి వైపుకి మారాయి. అర ఇంకా అక్కడే ఉంది.