చివరి పదాలు ఎందుకు జారిపోయాయి? ఒక జ్ఞాపకశక్తి ప్రయోగానికి ల్యాబ్ రిపోర్టు

పదిహేను పదాలు ఒక్కొక్కటిగా చూపించి, గుర్తున్నవి ఏ వరుసలోనైనా రాయమంటే చాలామంది మొదటి కొన్నిటినీ చివరి కొన్నిటినీ బాగా రాస్తారు, మధ్యవి వదిలేస్తారు. ఒక్కో స్థానంలోని పదం ఎంత శాతం గుర్తొచ్చిందో గ్రాఫు గీస్తే రెండు చివరలూ లేచి, నడుమ పల్లంగా కనిపిస్తుంది. 1962లో బెన్నెట్ మర్డాక్ వేర్వేరు పొడవుల జాబితాలతో ఈ వక్రరేఖను చూపించాడు. సైకాలజీ ప్రాక్టికల్స్‌లో తరచూ చేయించే ప్రయోగం దీని తర్వాతి మెట్టు: జాబితా అయ్యాక ముప్పై సెకన్లు అంకెలు లెక్కపెట్టిస్తే ఆ రేఖ ఏమవుతుంది? 1966లో ముర్రే గ్లాంజర్, అనితా కునిట్జ్ అడిగింది ఇదే.

ఈ ప్రయోగంపై రాసే రిపోర్టులో పరిచయం ఈ ప్రశ్న దగ్గరకు చేరడానికే ఉంది. ‘జ్ఞాపకశక్తి మానవ జీవితానికి ఎంతో అవసరం’ అని మొదలయ్యే పేరాను నిర్మొహమాటంగా కొట్టేయవచ్చు. వక్రరేఖతో మొదలుపెట్టి, దాని రెండు చివరలకూ వేర్వేరు కారణాలు ఉండవచ్చన్న వాదనకు రావాలి. మొదటి పదాలను మనసులో ఎక్కువసార్లు వల్లె వేసుకునే వీలుంటుంది కాబట్టి అవి దీర్ఘకాలిక స్మృతికి చేరతాయి. చివరివి రాసే సమయానికి ఇంకా స్వల్పకాలిక స్మృతిలోనే ఉంటాయి. ఈ వాదన నిజమైతే లెక్కింపు చివరి పదాలను చెరపాలి, మొదటివాటిని ముట్టకూడదు. పరికల్పన ఇక్కడే పుడుతుంది. ‘లెక్కింపు వల్ల జ్ఞాపకం తగ్గుతుంది’ అని రాస్తే అది వేరే పరికల్పన, పైగా బలహీనమైనది. ‘చివరి మూడు స్థానాల్లో తగ్గుదల మొదటి మూడు స్థానాల్లోని తగ్గుదలకంటే ఎక్కువగా ఉంటుంది’ అనాలి. ఏ రెండు సంఖ్యలను పోల్చాలో ఆ వాక్యం ముందే చెప్పేస్తుంది.

పద్ధతి విభాగాన్ని ప్రయోగం అయిన రోజే రాయడం మేలు, ఎందుకంటే ముందుగా మరిచిపోయేది ఇందులోని వివరాలే. మరొకరు చదివి అదే ప్రయోగం చేయగలగాలి. మన ఉదాహరణలో 24 మంది, 12 జాబితాలు, ఒక్కో దానిలో 15 పదాలు. ఏ పదమూ రెండుసార్లు రాదు. పదం ఒక సెకను కనిపిస్తుంది, తర్వాత రెండు సెకన్లు తెర ఖాళీగా ఉంటుంది. ఆరు జాబితాల తర్వాత ‘రాయండి’ అని వస్తుంది. మిగతా ఆరింటి తర్వాత 487 లాంటి సంఖ్య వస్తుంది. దాని నుంచి మూడేసి తగ్గిస్తూ ముప్పై సెకన్లు పైకి లెక్కపెట్టి, ఆ తర్వాతే రాయాలి. రెండు రకాలూ కలగలిపి వస్తాయి.

ఇలా కలపడానికి కారణం కూడా రాయాలి. లెక్కింపు ఉంటుందని ముందే తెలిస్తే మనిషి పదాలను వేరే విధంగా చదువుకుంటాడు. అప్పుడు తేడా లెక్కింపు వల్ల వచ్చిందో, చదివిన తీరు వల్ల వచ్చిందో చెప్పలేం. ‘పైకి’ అన్న చిన్న మాటకూ అంతే బరువుంది. మనసులో లెక్కపెట్టమంటే కొందరు లెక్క ఆపి పదాలే వల్లె వేసుకుంటారు, మనకు తెలియదు. పైకి చెబితే ఆగిన చోట వినబడుతుంది.

తెలుగు పదాలతో చేసినవారు దిద్దిన నియమం తప్పక చెప్పాలి. జాబితాలో ‘చెట్టు’ ఉంటే ‘చెట్లు’ అని రాసినవారికి మార్కు ఇచ్చారా? అక్షరదోషం ఉంటే? జాబితాలో లేని పదం రాస్తే? ఏ నియమమైనా ఫరవాలేదు గానీ, జవాబు కాగితాలు చూడకముందే పెట్టుకోవాలి, అన్నిటికీ ఒకేలా వర్తింపజేయాలి. దిద్దేవారికి అది ఏ రకం జాబితాయో తెలియకపోతే ఇంకా మంచిది.

ఫలితాలకు వద్దాం. కింది అంకెలు లెక్క చూపడానికి కల్పించినవి. చివరి మూడు స్థానాల్లో వెంటనే రాసినప్పుడు సగటున 72 శాతం, లెక్కింపు తర్వాత 38 శాతం. మొదటి మూడింటిలో 62, 59. అంటే చివర్లో 34 పాయింట్ల తగ్గుదల, మొదట్లో 3. పరికల్పన అడిగింది ఈ రెండు తగ్గుదలల మధ్య తేడాను కాబట్టి, ప్రతి మనిషికీ ఆ తేడా విడిగా కట్టాలి. ఆ 24 తేడాల సగటు 31, ప్రామాణిక విచలనం 25 అనుకుందాం. 25ను 24 వర్గమూలంతో భాగిస్తే సుమారు 5.1. 31ని దానితో భాగిస్తే t విలువ వస్తుంది. రిపోర్టులో ఇలా పడుతుంది: t(23) = 6.07, p < .001.

చాలా రిపోర్టులు ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. చివరి పదాలకు ఒక t పరీక్ష, మొదటి పదాలకు మరొకటి చేసి, ఒకదానిలో తేడా తేలింది, రెండోదానిలో తేలలేదు కాబట్టి రెండూ వేరని తేలుస్తారు. ఆ రెండు పరీక్షలూ ఒకదానితో ఒకటి పోల్చినవి కావు. పైగా మొదటి పదాల తగ్గుదల 3కు విచలనం 18 అయితే, 95 శాతం విశ్వాస అంతరం దాదాపు −4.6 నుంచి 10.6 వరకు పాకుతుంది. కాబట్టి ‘మొదటి పదాలపై ప్రభావం లేదు’ అనకూడదు. ‘ప్రభావం తేలలేదు, పది పాయింట్ల తగ్గుదలను కూడా ఈ ప్రయోగం కొట్టిపారేయలేదు’ అనాలి. గ్రాఫులో పదిహేను స్థానాలూ, రెండు రేఖలూ చూపండి. కారణాల గురించి ఒక్క మాటా ఈ విభాగంలో వద్దు.

చర్చ మొదటి వాక్యంలోనే పరికల్పనకు మద్దతు దొరికిందో లేదో చెప్పాలి. ఆ తర్వాతే స్వల్పకాలిక, దీర్ఘకాలిక స్మృతుల మాట. అక్కడ ఆగిపోతే చర్చ సగమే అయినట్టు. 1974లో రాబర్ట్ బ్యోర్క్, విలియం విట్టెన్ చివర్లోనే కాక ప్రతి పదజంట ముందూ తర్వాతా కూడా లెక్కలు చేయించారు. అయినా చివరి పదాల మెరుగు పోలేదు. స్వల్పకాలిక స్మృతి ఒక్కటే కారణమైతే అది పోవాలి కదా. పదాల మధ్య ఎడం, చివరి పదం నుంచి రాసే క్షణానికి ఉన్న ఎడం, ఈ రెంటి నిష్పత్తే ముఖ్యమన్న వివరణ అలా బలపడింది. మన ప్రయోగంలో పదాల మధ్య రెండు సెకన్లే కాబట్టి మన అంకెలు రెండు వివరణలకూ సరిపోతాయి. ఈ ముక్క ఒప్పుకుని రాయడమే నాకు తెలిసి మంచి చర్చకు గుర్తు.

పరిమితులు రాసేటప్పుడు ‘పాల్గొన్నవారు తక్కువ’ అని వదిలేయకండి. ప్రతి లోపం అంకెను ఏ వైపు నెడుతుందో చెప్పండి. కొందరు లెక్క మధ్యలో ఆగి పదాలు తలచుకున్నారనుకుంటే, చివరి పదాలు ఉండవలసిన దానికన్నా ఎక్కువ గుర్తొచ్చి ఉంటాయి. అంటే 34 పాయింట్ల తగ్గుదల అసలుకన్నా తక్కువ అంచనా. దానికి భిన్నంగా, జాబితా పొట్టిదై మొదటి పదాలు అందరికీ నూటికి నూరూ వచ్చేస్తే, అక్కడ తగ్గుదల ఉన్నా కనబడక తేడా ఉన్నదానికన్నా పెద్దదిగా తోస్తుంది. తర్వాతి ప్రయోగం సూచన కూడా ఇలాంటి చోటి నుంచే రావాలి. ఇక్కడైతే, పదాల మధ్య కూడా పన్నెండు సెకన్ల లెక్కింపు పెట్టి అదే జాబితాలను మళ్లీ నడపడం.

సారాంశాన్ని పైన పెట్టినా రాయవలసింది ఇవన్నీ అయ్యాకే: ప్రశ్న, 24 మంది, 12 జాబితాలు, 34కు 3, దాని అర్థం, అంతే.