పసిపిల్లల పాలు కక్కుడు: ముందు రంగు చూడండి

నల్లగొండలో పిల్లల డాక్టరుగా రోజూ వినే మాట, "సార్, పాలు తాగంగనే కక్కుతుండు." త్రాసు మీద పెడితే బిడ్డ బరువు చక్కగా పెరుగుతుంటుంది. తల్లి మాత్రం నిద్ర మానుకొని భయపడుతుంటుంది. ఇంకొందరు నింపాదిగా వస్తారు. "నిన్నటి నుంచి పసరు కక్కుతుండు సార్, పసరు పోతే మంచిదని ఇంట్లో అన్నరు" అంటారు. నాకు గుండె జారేది ఈ రెండో మాట విన్నప్పుడే.

అపోహ: పసరు బయటికి పోతే కడుపు శుభ్రమవుతుంది

ఈ మాట నమ్మి పోగొట్టుకున్న గంటలు ఇక తిరిగి రావు. పసరులోని ఆకుపచ్చ రంగు కాలేయం నుంచి వచ్చే పైత్యరసానిది. అది జీర్ణాశయం దాటాక, చిన్నపేగు మొదట్లో వచ్చి కలుస్తుంది. మామూలుగా అక్కడి నుంచి కిందికే పోవాలి. నోటి నుంచి వస్తున్నదంటే దానికి కింద ఎక్కడో దారి మూసుకుపోయి ఉండవచ్చు. పసిపిల్లల్లో మేం అన్నిటికంటే ఎక్కువగా భయపడేది పేగు మెలిపడడానికి. తల్లి కడుపులో ఉండగా పేగులు తిరిగి తమ చోట కుదురుకోవాలి. కొందరిలో అది సరిగ్గా జరగదు. అలాంటి పేగు తన రక్తనాళాలతో సహా మెలిపడితే రక్తం ఆగిపోతుంది, కొన్ని గంటల్లోనే పేగు చచ్చిపోవచ్చు. చాలావరకు ఇది మొదటి నెలలోనే బయటపడుతుంది.

దేవరకొండ వైపు ఒక తండా నుంచి 12 రోజుల బాబును తెచ్చారు. మంచి బరువుతో పుట్టాడు, తల్లిపాలే తాగుతున్నాడు. రాత్రి రెండుసార్లు ఆకుపచ్చగా కక్కితే వాము నీళ్లు పట్టారట. తెల్లవారి మళ్లీ కక్కాడు. నేను చూసేసరికి కడుపు మెత్తగానే ఉంది, ఏడుపు గట్టిగానే ఉంది. "మంచిగనే ఉన్నడు కద సార్" అన్నాడు తండ్రి. మోసపోయేది ఇక్కడే. మెలిపడిన తొలి గంటల్లో కడుపు ఉబ్బకపోవచ్చు. కడుపు ఉబ్బి, విరేచనంలో రక్తం పడి, బిడ్డ వాడిపోయేసరికి చాలా ఆలస్యమైపోతుంది. మేనత్త దాచి తెచ్చిన గుడ్డ మీద మరక పాలకూర రసంలా ఉంది. నాకు అది చాలు. పాలు ఆపించి, ముక్కు నుంచి కడుపులోకి గొట్టం వేసి, సెలైన్ పెట్టి హైదరాబాద్ పంపాం. స్కానింగ్‌లో పేగు రక్తనాళాలు ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకొని కనిపించాయి. అదే రోజు ఆపరేషన్ చేసి మెలి విప్పితే, నల్లబడుతున్న పేగుకు రంగు తిరిగి వచ్చింది. ఇంకా ఆలస్యమై ఉంటే పేగు కోసి తీసేయాల్సి వచ్చేది. ఎక్కువ పేగు పోయిన బిడ్డకు ఎన్ని పాలు పట్టినా ఒంటికి పట్టవు.

ఆకుపచ్చగా కక్కిన ప్రతి బిడ్డకూ పేగు మెలిపడి ఉండదు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా అలా కక్కవచ్చు. కానీ ఏది కారణమో ఇంట్లో తేల్చలేం, తెల్లారేదాకా చూద్దామనీ ఆగలేం.

అపోహ: తెల్లగా కక్కితే ఎప్పుడూ భయం లేదు

చాలావరకు నిజమే. ఆహారనాళం చివర ఉండే కండరం పసిపిల్లల్లో ఇంకా వదులుగా ఉంటుంది కాబట్టి తాగిన పాలు కొంచెం పైకి వస్తాయి. నాలుగో నెల దగ్గర ఎక్కువై, ఏడాది నిండేసరికి చాలామందిలో తగ్గిపోతుంది. బిడ్డ హుషారుగా ఉండి, రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే మందు అక్కర్లేదు.

ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. రెండు మూడు వారాల వయసులో మొదలై, తాగిన ప్రతిసారీ పాలు దూరంగా చిమ్మినట్టు పడుతూ, కక్కిన వెంటనే మళ్లీ ఆకలికి ఏడుస్తూ, మూత్రం తగ్గి, బరువు పడిపోతుంటే జీర్ణాశయం చివరి ద్వారం మందమై మూసుకుపోతుండవచ్చు. స్కానింగ్‌లో తెలుస్తుంది, చిన్న ఆపరేషన్‌తో బాగవుతుంది. అయితే ఒంట్లో తగ్గిన నీరు, లవణాలు ముందు సరిచేయాలి కాబట్టి బిడ్డ ఎండిపోకముందే తీసుకురండి.

మిగతావి

పెరుగులా గడ్డలుగా పడితే పాలు అరగలేదని కాదు, కడుపులోకి వెళ్లిన పాలు అలాగే గడ్డకడతాయి. తల్లిపాలు పడటం లేదని డబ్బా పాలకు మార్చకండి, బాలింతను కారంమెతుకులతో ఉంచకండి. గ్రైప్ వాటర్ వద్దు. పాలు పట్టాక 20 నిమిషాలు భుజాన వేసుకొని, తర్వాత వెల్లకిలానే పడుకోబెట్టండి. కక్కుతున్నాడని బోర్లా పడుకోబెట్టడం ప్రమాదం.

ఆకుపచ్చగా కక్కితే మాత్రం నోటికి పాలు, నీళ్లు, ఆకు పసర్లు ఏవీ పెట్టకుండా 108కి ఫోన్ చేయండి. పిల్లల ఆపరేషన్లు చేసే ఆసుపత్రికి పంపాల్సి రావచ్చు కాబట్టి ఆ రంగు సంగతి మొదటి మాటగా చెప్పండి. మరక పడ్డ గుడ్డను ఉతకకుండా వెంట తెండి, ఎండితే రంగు మారుతుంది కాబట్టి అప్పుడే ఫోన్‌లో ఒక ఫోటో కూడా తీసుకోండి.